జనవరి 22, బుధవారం, సాయంత్రం 5 గంటలు

భీమవరం దగ్గర ఒక రొయ్యల ప్రాసెసింగ్ ప్లాంట్‌లో క్వాలిటీ విభాగంలో పనిచేస్తున్నాను. రొయ్యను పరీక్షించడం ఉద్యోగంలో సగమే. మిగతా సగం విదేశాల్లోని బయ్యర్ల ఈమెయిళ్లకు జవాబులు రాయడం. వాటిలో సగం జవాబు నా దగ్గర ఉన్నవి కావు, ఇంకా దొరకాల్సినవి. అలాంటి ఒక జవాబు గురించే ఇది.

2025 జనవరి 9, గురువారం రాత్రి 7:40కి బెల్జియం బయ్యర్ దగ్గర నుంచి మెయిల్ వచ్చింది. వాళ్లకు అప్పుడు మధ్యాహ్నం 3:10. నవంబర్‌లో మేం పంపిన కంటైనర్ వారం ముందు చేరింది. ఎర్ర సముద్రం వైపు వెళ్లకుండా ఆఫ్రికా చుట్టూ తిరిగి వెళ్లే ఓడలు కదా, నలభై రోజులు పట్టింది. అందులో 1,800 కార్టన్లు, కార్టన్‌కి పది బ్యాగులు, మొత్తం 18,000 బ్యాగులు. ఒక్కో బ్యాగు మంచు పూతతో కలిపి కిలో, పూత తీస్తే రొయ్య 800 గ్రాములు ఉండాలి. బయ్యర్ ఎనిమిది బ్యాగులు తూచి సగటున 760 గ్రాములే ఉందన్నాడు. బ్యాగుకి 40 గ్రాముల తరుగు చొప్పున 18,000 బ్యాగులకు 720 కిలోలు. రేపు సాయంత్రంలోగా వివరణ ఇవ్వకపోతే అంత సరుకుకు డెబిట్ నోట్ వేసి, మాకు రావాల్సిన డబ్బులో కోసేస్తానన్నాడు.

ఈ మంచు పూత సంగతి తెలియనివాళ్ల కోసం రెండు మాటలు. విడివిడిగా గడ్డకట్టించిన రొయ్య ఫ్రీజర్‌లోంచి బయటకు రాగానే, దాదాపు గడ్డకట్టేంత చల్లటి నీళ్లు తగిలిస్తారు. రొయ్య మీద పల్చటి గాజు పొరలా మంచు పడుతుంది. దాన్నే గ్లేజ్ అంటారు. అది లేకపోతే నెలల తరబడి కోల్డ్ స్టోరేజ్‌లో రొయ్య ఎండిపోయి తెల్లబడుతుంది. కాబట్టి గ్లేజ్ మోసం కాదు. కానీ యూరప్ చట్టం ప్రకారం ప్యాకెట్ మీద వేసే నికర బరువులో ఆ మంచు కలపకూడదు. 800 అని రాస్తే 800 రొయ్యే ఉండాలి.

మా ప్యాకెట్లలో ఉందా, లేదా? ఆ రాత్రి నాకు తెలియదు.

తెలియనప్పుడు ఏం రాయాలో నేను అప్పటికే ఒకసారి దెబ్బతిని నేర్చుకున్నాను. రెండేళ్ల ముందు స్పెయిన్ బయ్యర్ ఒకాయన కార్టన్లు నలిగిపోయి వచ్చాయని ఫోటోలు పంపాడు. "మేం విచారించి త్వరలోనే రివర్ట్ అవుతాం" అని రాసి పడుకున్నాను. ఇక్కడ మనందరం రాసే వాక్యమే. మూడు రోజుల్లో ఆయన నాలుగు మెయిళ్లు పెట్టాడు. ప్రతిదానికీ నేను "చూస్తున్నాం" అని రాశాను. ఐదో రోజు ఆయన సొంతంగా సర్వేయర్‌ని పెట్టుకుని ఆ ఫీజు మా మీద వేశాడు. తమాషా ఏమిటంటే, నేను చూస్తూనే ఉన్నాను. ఆరో రోజుకి జవాబు దొరికింది కూడా. ఆరు రోజులు అడిగి ఉంటే ఇచ్చేవాడే. నేను అడగలేదు.

ఆలోచిస్తే మనకూ అంతే కదా. పెళ్లిచూపులయ్యాక "ఆలోచించుకుని కబురు చేస్తాం" అంటే మనవాళ్లు ఏమనుకుంటారు? సంబంధం తప్పిపోయిందనుకుంటారు. "ఆదివారం పెద్దబ్బాయి వస్తున్నాడు, సోమవారం ఫోన్ చేస్తాం" అంటే సోమవారం దాకా వేరే సంబంధం చూడరు. రెండూ జవాబు లేని మాటలే, తేడా అంతా ఆ సోమవారంలో ఉంది.

మా నాన్న కేంద్ర ప్రభుత్వ కార్యాలయంలో సూపరింటెండెంట్‌గా రిటైరయ్యారు. స్పెయిన్ గొడవ చెబితే ఆయన నవ్వి, వాళ్ల ఆఫీసులో ఇది నియమంగానే ఉండేదన్నారు. పార్లమెంటు సభ్యుడి దగ్గర నుంచి ఉత్తరం వస్తే 15 రోజుల్లోగా అందిందని చెప్పాలి, ఆ తర్వాత 15 రోజుల్లోగా జవాబు ఇవ్వాలి. ఆలస్యమయ్యేలా ఉంటే మధ్యంతర జవాబు పంపాలి, అందులో తుది జవాబు ఏ తేదీకి ఇవ్వగలరో రాయాలి. "ఆ తేదీ వెయ్యడానికి భయపడి నెలలు నానబెట్టేవాళ్లం" అన్నది కూడా ఆయనే.

ఆ భయం ఉత్తదేమీ కాదు. తేదీ వేశామంటే మెడకు తాడు వేసుకున్నట్టే. అందుకే ఆ రాత్రి మెయిల్ రాయడం మొదలుపెట్టే ముందు, పాత ప్యాకింగ్ లిస్ట్ ఒకటి తిరగేసి దాని వెనక లెక్క వేసుకున్నాను. ఏ తేదీకి చెప్పాలని ఉందన్నది లెక్క కాదు. జవాబు దొరకాలంటే ఏమేం జరగాలి, ఒక్కొక్కటీ ఎవరి చేతిలో ఉంది, ఎన్నాళ్లు పడుతుంది?

మొదటిది, మా దగ్గర దాచిన నమూనాలు. ప్రతి ఉత్పత్తి తేదీకి కొన్ని బ్యాగులు తీసి కోల్డ్ స్టోరేజ్‌లో పక్కన పెడతాం. ఈ కంటైనర్‌లో సరుకు రెండు రోజుల్లో తయారైంది, నవంబర్ 18, 19. తేదీకి 15 బ్యాగుల చొప్పున ఉన్నాయి. వాటిని తీసి గ్లేజ్ కడిగి తూచడం మా ల్యాబ్‌లో ఒక్క రోజు పని. ఇది పూర్తిగా నా చేతిలో ఉంది.

రెండోది బయటి ల్యాబ్. మా తూకం మేమే వేసుకుంటే బయ్యర్ నమ్మాల్సిన పనేముంది? విశాఖపట్నంలోని ల్యాబ్‌కి థర్మోకోల్ పెట్టెలో పంపాలి. శుక్రవారం పంపితే శనివారం చేరుతుంది. మూడు పనిదినాల్లో రిపోర్ట్ అంటారు. కానీ సోమవారం 13 భోగి, 14 సంక్రాంతి, 15 కనుమ. ల్యాబ్ మళ్లీ తెరిచేది 16, గురువారం. అక్కడి నుంచి మూడు పనిదినాలంటే 16, 17, 18. కాస్త ఆలస్యమైతే 20, సోమవారం.

మూడోది ఆ రెండు రోజుల గ్లేజింగ్ రికార్డులు. ప్రతి గంటకీ ఒక బ్యాగు తీసి తూచి రాస్తారు. ఫైలు తెప్పించడానికి అరపూట చాలు, కానీ ఆ షిఫ్ట్ సూపర్‌వైజర్‌తో మాట్లాడాలి. పండక్కి ఊరెళ్లాడు, 17న వస్తాడు.

నాలుగోది నా చేతిలో అసలే లేదు. బయ్యర్ తూచిన ఎనిమిది బ్యాగులూ ఏ తేదీవి, గ్లేజ్ ఎలా తీశాడు? ఇది ఆయనే చెప్పాలి.

అన్నీ కలిపితే 20, సోమవారం వచ్చింది. అక్కడే ఆగి 20 అని రాసెయ్యాలనిపించింది. తొందరగా చెబితే బయ్యర్ శాంతిస్తాడు కదా. కానీ ఆ 20 అన్నది అందరూ చెప్పినమాట చెప్పినట్టు చేస్తే వచ్చే తేదీ. గోదావరి జిల్లాల్లో సంక్రాంతి వారంలో అందరూ చెప్పినట్టు చెయ్యడం నేను చూడలేదు. మన దగ్గర "పండగెళ్లాక" అన్నది కూడా ఒక తేదీయే, కాకపోతే అది ఎప్పుడో ఎవరికీ తెలియదు, ముఖ్యంగా బెల్జియంలో. రెండు పనిదినాలు కలిపాను. 22, బుధవారం. ఇంకో రెండు కలిపితే 24 అవుతుంది, మాకు రావాల్సిన బాకీ గడువు ఆ రోజే. ఆ రోజు దాకా లాగితే డబ్బు కోసమే నాన్చుతున్నారని అనుకుంటాడు.

టైము కూడా వేశాను. వాళ్ల టైము సాయంత్రం 5 అంటే మనకు రాత్రి 9:30. టైము వెయ్యకపోతే ఆ బుధవారం ఉదయం నుంచే ఆయన ఎదురుచూస్తాడు, మధ్యాహ్నానికి చిరాకు పడతాడు.

మర్నాడు ముక్కోటి ఏకాదశి. మా ఎండీ గారు గుడికి వెళ్లి పదకొండుకి వచ్చారు. విషయం చెప్పగానే, "ఏమ్మా, పదిహేనేళ్లుగా పంపుతున్నాం, మన తూకం ఎప్పుడన్నా తేడా వచ్చిందా? మనది కరెక్టే, మీ టెస్టే తప్పు అని రాసెయ్. 22 దాకా ఎందుకు?" అన్నారు.

"కరెక్టే అని తెలిస్తే ఇవాళే రాసేదాన్నండి. తెలియదు కదండి" అన్నాను.

"తెలియదని రాస్తే తప్పు ఒప్పుకున్నట్టు కాదా?"

ఆయన అడిగినదాంట్లో న్యాయం ఉంది. తేదీ అడిగే ఉత్తరంలో జాగ్రత్తగా ఉండాల్సిన చోటు ఇదే. తప్పు మాది కాదనకూడదు, మాదేననకూడదు. "అసౌకర్యానికి క్షమించండి" అని అలవాటుగా రాసే వాక్యం కూడా నేను తీసేశాను. క్లెయిమ్ ఉత్తరాల్లో దాన్ని ఒప్పుకోలుగా చదివేవాళ్లు ఉంటారు. ఏం చేస్తున్నామో, ఎప్పుడు చెబుతామో, అంతే. చివరికి ఒంటిగంట దాటాక, అంటే వాళ్ల ఆఫీసు తెరిచే వేళకి, మెయిల్ వెళ్లింది. ఇంగ్లీషులో రాసినదాన్ని తెలుగులో చెబితే ఇలా ఉంటుంది:

"మీ మెయిల్ అందింది. 18,000 బ్యాగులకు 800కి బదులు సగటు 760 గ్రాములు ఉందని, 720 కిలోల తరుగని మీరు చెప్పినట్టు అర్థం చేసుకున్నాం. ఇది నిజమా కాదా అన్నది ఈ రోజు చెప్పలేం. మా దగ్గర దాచిన నమూనాలను మేమూ, ఒక స్వతంత్ర ల్యాబూ తూస్తాం. ల్యాబ్ జనవరి 13 నుంచి 15 వరకు పండగ సెలవుల్లో ఉంటుంది. ఫలితాలు, ఉత్పత్తి రికార్డులు, మా నిర్ణయం కలిపి పూర్తి జవాబు జనవరి 22, బుధవారం, మీ సమయం సాయంత్రం 5 గంటలలోగా పంపుతాం. దీనికోసం మీరు తూచిన బ్యాగుల మీది తేదీ కోడ్‌లు, గ్లేజ్ తీసిన పద్ధతి, ఫోటోలు 14వ తేదీలోగా కావాలి. అప్పటి వరకు డెబిట్ నోట్ ఆపమని కోరుతున్నాం. ఈ తేదీ వల్ల మీ పని ఏదైనా ఆగేటట్టుంటే చెప్పండి."

మొదట ఆయన ఫిర్యాదును మా మాటల్లో తిరిగి చెప్పడం ఊరికే కాదు. 22న మేమొక ప్రశ్నకు జవాబిచ్చి, ఆయన "నేనడిగింది అది కాదు" అంటే అన్నిరోజులూ గంగలో కలిసినట్టే. పండగ సంగతి రాయడానికి ఎండీ గారు ఇష్టపడలేదు, సెలవులని సాకు చెప్పినట్టుంటుందని. నాకలా అనిపించలేదు. 12 రోజులెందుకో కారణం లేకపోతే ఆ అంకె ఆయనకు పెద్దగా కనిపిస్తుంది. వాళ్లకు క్రిస్మస్ వారం ఉన్నట్టే మనకూ ఒకటుంది.

ఆఖరి వాక్యం నేను మర్యాద కోసం రాశాను. పనిచేసింది అదే.

సాయంత్రానికల్లా బయ్యర్ జవాబిచ్చాడు. ముందు రోజు మెయిల్‌లో ఉన్న వేడి లేదు. 22 సరేనన్నాడు, డెబిట్ నోట్ అప్పటిదాకా ఆపుతానన్నాడు. కానీ ఒక చిక్కు ఉందన్నాడు. 27, సోమవారం నుంచి ఒక సూపర్‌మార్కెట్‌కి ఈ సరుకు వెయ్యాలి, లేబుళ్ల పని అంతకు వారం ముందు మొదలవ్వాలి. ఏ తేదీ కోడ్ సరుకు వాడొచ్చో, ఏది ఆపాలో 17, శుక్రవారానికి తెలిస్తే చాలు, కారణాలూ డబ్బూ 22న మాట్లాడుకుందాం అన్నాడు.

గురువారం రాత్రి ఆయన "రేపటికల్లా వివరణ" అన్నప్పుడు నిజానికి ఆయనకు కావాల్సింది వివరణ కాదు, ఈ లేబుళ్ల నిర్ణయం. మేం తేదీ చెప్పాకనే ఆయన తన తేదీ చెప్పాడు. 17కి మా సొంత తూకమైతే ఇవ్వగలం. సరేనని ఒక్క వాక్యం రాశాను: "17న మా ల్యాబ్ తూకం మాత్రమే, తేదీల వారీగా."

శనివారం నమూనాలు తీశాం. బ్యాగులోని రొయ్యల్ని జల్లెడలో వేసి, చల్లటి నీళ్లు సన్నగా చల్లుతూ, మంచు కరిగేదాకా చేత్తో మెల్లగా కదపాలి. వేలితో తాకితే గాజులా జారే స్పర్శ పోయి, గరుకుగా రొయ్య చర్మం తగలాలి. అప్పుడు ఆపెయ్యాలి. లోపల రొయ్య ఇంకా రాయిలా గట్టిగానే ఉండాలి. ఇంకా కడిగితే రొయ్యే కరగడం మొదలై, దాని లోపలి నీరు కారిపోయి బరువు తగ్గుతుంది. ఆపాక జల్లెడ వంచి నీరు ఓడ్చి, కాగితంతో అద్ది తూచాలి.

నవంబర్ 18 కోడ్ బ్యాగులు ఐదు: 796, 802, 791, 804, 798. సగటు 798.2. నా భుజాల మీది బరువు దిగింది. ఎండీ గారికి ఫోన్ చేద్దామని గ్లోవ్స్ కూడా తీశాను. మా అసిస్టెంట్ అమ్మాయి "మేడం, పంతొమ్మిది కూడా అయిపోనివ్వండి" అంది.

నవంబర్ 19: 771, 768, 779, 774, 766. సగటు 771.6.

శుక్రవారం "మనది కరెక్టే" అని రాసి ఉంటే, శనివారం సాయంత్రానికి ఆ మాట అబద్ధమయ్యేది.

వెంటనే బయ్యర్‌కి చెప్పేద్దామా అన్నది ఆ రాత్రి నన్ను తినేసిన ప్రశ్న. చేతిలో అంకె ఉంచుకుని ఆరు రోజులు ఆగడం దాచినట్టు కాదా? కానీ తూకం యంత్రమే తప్పు చూపించి ఉంటే? తేదీకి 15 బ్యాగుల్లో ఐదు తూచాం, ఐదు విశాఖ వెళ్లాయి, ఐదు మిగిలాయి. 16న మిగిలిన ఐదింటిలో మూడింటిని వేరే యంత్రం మీద, ప్రామాణిక బరువులతో సరిచూసి మళ్లీ తూచాం. రెండు బ్యాగులు మాత్రం ముట్టుకోలేదు. రేపు బయ్యర్ తరఫున ఎవరైనా వచ్చి మా ఎదుట తూస్తామంటే చూపించడానికి ఏదో ఒకటి ఉండాలి. ఫలితం మారలేదు. ఒప్పుకున్న తేదీ 17 కాబట్టి అప్పటిదాకా సరిచూసుకునే హక్కు మాకుంది, అది దాటితే దాచినట్టే అవుతుందని నన్ను నేను ఒప్పించుకున్నాను. ఇప్పటికీ అదే అనుకుంటున్నాను. కాకపోతే ఆయన సరుకు మార్కెట్లోకి వెళ్లిపోతూ ఉండి ఉంటే శనివారం రాత్రే చెప్పాల్సి వచ్చేది.

17న నాలుగు వాక్యాల మెయిల్. 18 కోడ్ సరుకు వాడుకోవచ్చు, సగటు 798. 19 కోడ్ సరుకు ఆపండి, మా తూకంలోనూ తక్కువే వచ్చింది. కారణం వెతుకుతున్నాం. పూర్తి జవాబు ముందు చెప్పినట్టే 22న. ఇది పంపడానికి ఎండీ గారిని ఒప్పించడం మొదటి మెయిల్ కంటే కష్టమైంది. "అడక్కుండానే చేతులెత్తేస్తున్నావేంటమ్మా" అన్నారు. బయ్యర్ పంపిన ఫోటోలు చూపించాను. చెప్పినట్టే 13న పంపాడు. ఎనిమిది బ్యాగులూ 19 కోడ్‌వే. ఆయన పొరపాటు కూడా ఆ ఫోటోల్లోనే ఉంది: బ్యాగులోని రొయ్యల్ని బకెట్ నీళ్లలో వదిలేశాడు, ఫోటోలో అవి మెత్తబడి వంగిపోయి ఉన్నాయి. మా 771కీ ఆయన 760కీ మధ్య తేడాకి మాకు కనిపించిన కారణం అదే. తరుగు ఉంది, కానీ ఆయన చెప్పినంతా లేదు, పైగా 18,000 బ్యాగులకూ లేదు. మేం అడిగిన వివరాలు ఆయన పంపి ఉండకపోతే ఇవేవీ మాకు తెలిసేవి కావు.

ఇక రికార్డు. 18వ తేదీ షీట్‌లో గంటగంటకీ అంకెలు 795, 803, 799 అంటూ అటూ ఇటూ ఊగుతున్నాయి. చేత్తో తూస్తే అలాగే ఉంటాయి. 19వ తేదీ షీట్‌లో తొమ్మిది గడులు. 800, 800, 801, 800, 800... ఒకే పెన్ను, ఒకే వాలు, ఒక్క నీటి చుక్క మరక లేదు. గ్లేజింగ్ దగ్గర రాసిన కాగితం అంత పొడిగా ఉండదు. షిఫ్ట్ అయ్యాక కూర్చుని రాసిన షీట్ అది. సూపర్‌వైజర్ ఊరి నుంచి వచ్చాక అడిగితే కాసేపు నేల చూపులు చూసి చెప్పాడు. ఆ రోజు మొదటి గంటలో పూత సరిగ్గా పట్టలేదని సరుకుని రెండోసారి నీళ్లలోంచి పోనిచ్చారు, తర్వాత నీళ్ల ఉష్ణోగ్రత సరిచేసినా ఆ రెండో పాస్ ఆపడం మర్చిపోయారు. పూత మందమైంది. బ్యాగు మాత్రం కిలో తూగుతూనే ఉంది కాబట్టి ప్యాకింగ్‌లో ఎవరికీ అనుమానం రాలేదు.

అన్నీ దారికొచ్చాయనుకున్న వేళ, 21, మంగళవారం ఉదయం విశాఖ ల్యాబ్‌కి ఫోన్ చేశాను. తూకం అయిపోయిందట, కానీ రిపోర్ట్ మీద సంతకం పెట్టాల్సినాయన పండక్కి వెళ్లి ఇంకా రాలేదు. "గురువారం పక్కా మేడం." నేను కలిపిన రెండు రోజులూ అక్కడే కరిగిపోయాయి.

ఇలాంటప్పుడు చేసే పిచ్చి పని ఒకటుంది. బుధవారం సాయంత్రం దాకా ఏదో అద్భుతం జరుగుతుందని ఆగి, 5 గంటలకు "ఇంకో రెండు రోజులు" అని రాయడం. స్పెయిన్ బుద్ధిలో ఉంటే అదే చేసేదాన్ని. మంగళవారం మధ్యాహ్నమే రాశాను: రేపటి జవాబు రేపే వస్తుంది, మా తూకం, రికార్డు, కారణం, మేం ఇవ్వదలిచిన మొత్తం అన్నీ అందులో ఉంటాయి. స్వతంత్ర ల్యాబ్ సంతకం చేసిన రిపోర్ట్ ఒక్కటి 24, శుక్రవారం మధ్యాహ్నం 12లోగా విడిగా పంపుతాం, దాంట్లో సగటు వేరుగా ఉంటే దాని ప్రకారమే లెక్క మారుస్తాం. ల్యాబ్ వాళ్లు గురువారం అన్నా నేను శుక్రవారం రాశాను. మొత్తం జవాబునే వెనక్కి జరిపి ఉంటే అది రెండో వాయిదా అయ్యేది. ఒక్క కాగితాన్ని విడదీశాను కాబట్టి 22 నిలబడింది.

బుధవారం పూర్తి జవాబు రాత్రి 8:50కి వెళ్లింది, అక్కడ సాయంత్రం 4:20. నాలుగు పేజీలు. 19 కోడ్ బ్యాగులు 7,000. మా తూకం ప్రకారం బ్యాగుకి 28.4 గ్రాముల తరుగు, దాదాపు 199 కిలోలు. శుక్రవారం ల్యాబ్ రిపోర్ట్‌లో సగటు 773 వచ్చింది, అంటే 27 గ్రాముల తరుగు, 189 కిలోలు. బకెట్ నీళ్ల సంగతి ఒక్క వాక్యంలో చెప్పి, గ్లేజ్ తీసే పద్ధతి జత చేశాను. ఎక్కువ రాస్తే ఆయన్ని ఎత్తిపొడిచినట్టు ఉంటుంది.

బయ్యర్ 189కి ఒప్పుకున్నాడు. 19 కోడ్ బ్యాగుల లేబుళ్లు మార్చే ఖర్చులో సగం అడిగాడు, ఎండీ గారు కాసేపు గొణిగి ఇచ్చారు. 24న రావాల్సిన డబ్బు 27న వచ్చింది.

గ్లేజింగ్ దగ్గర ఇప్పుడు షీట్‌తో పాటు తూకం యంత్రం తెర ఫోటో కూడా ప్రతి గంటకీ తీస్తున్నారు. మొన్న ఆ షీట్ చూశాను. 794, 806, 801, 797. మూలన పెద్ద నీటి మరక, ఒక అంకె సగం చెరిగిపోయింది.